తిరగేసిన గుమ్మడికాయలు

గోదాములో అందరూ ఆమెను గోరత్త అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడదు. ముప్ఫై ఏళ్లుగా కుడిచేతి బొటనవేలి గోరుతో గుమ్మడికాయ తొక్క నొక్కి చూసి, ఇది నిలవకు పనికొస్తుందో, ఈ వారమే కూర వండుకోవాలో చెప్పడం ఆమె పని. మిగతా తొమ్మిది గోళ్లూ ఎలా పోయినా పట్టించుకోదు గానీ ఆ ఒక్క గోరును మాత్రం కళ్లజోడులా చూసుకుంటుంది. గిన్నెలు కూడా ఎడంచేత్తోనే తోముతుందని గోదాములో చెప్పుకుంటారు.

మూడు వారాల కిందట లారీకి సరుకెక్కించే వాలుబల్ల మీద కాలు జారి మడమ దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఇప్పుడు కట్టు కట్టిన కాలు బోర్లించిన క్రేటు మీద పెట్టుకుని, గ్రేడింగు బల్ల దగ్గరే కూర్చుంటోంది. పొలాలకు వెళ్లడం కుదరదు. ఆ కాలు వెళ్లలేని చోటికి ఫోన్ వెళ్తుందన్న ధైర్యం మాత్రం గోదాము మేనేజరుకు ఉంది, ఆర్నెల్ల కిందటే ఫొటోల పిల్లను పనిలో పెట్టుకున్నాడు.

ఫొటోల పిల్లకు కంప్యూటర్ చదువు ఉంది, డిగ్రీ పట్టా ఉంది, చక్కటి పేరు కూడా ఉంది. అయినా చేరిన రెండో రోజుకే ఫొటోల పిల్ల అయిపోయింది. ఆమె తయారుచేసిన యాప్ పని తేలిక. రైతు ఒక్కో కాయకు మూడు ఫొటోలు పంపాలి. గోరు నొక్కిన చోట తొక్క ఒకటి, తొడిమ దగ్గరగా ఒకటి, నేలకు ఆనిన పొట్ట ఒకటి. యాప్ చూసి 'కోయండి' అనో 'ఆగండి' అనో చెబుతుంది. పండినా ముదురాకుపచ్చగానే ఉండే చిన్న గుమ్మడి రకం ఇది. రంగు చూసి మోసపోయే వీలు లేదు కాబట్టి మిషనుకు బాగా నప్పుతుందని ఫొటోల పిల్ల మేనేజరుకు బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పింది.

ఆ రోజు పొద్దున పది గంటలకు ఆమె వదిన దగ్గర్నుంచి నలభై కాయల ఫొటోలు వచ్చాయి. నూట ఇరవై. యాప్ అన్నీ నమిలి, ముప్ఫై ఒక్క కాయలకు 'ఆగండి' అంది.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఏమే, నీ మిషను తిన్నగా పనిచేస్తోందా?" వదిన గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువగా ఉంది. "ఆగండట. ఎన్నాళ్లని ఆగను? రేపు పొద్దున్నుంచి నాలుగు రోజులు వానలని పొద్దున్నే రేడియో చెప్పింది. నాది నీళ్లు నిలిచే నేల. కోతవాళ్లు ఆరుగురు ఇవాళొక్కరోజే దొరికారు, గట్టు మీద కూర్చుని నా మొహం చూస్తున్నారు."

"కంగారు పడకు వదినా. ఒక్క పది నిమిషాలు."

"పది నిమిషాలంటే నీ లెక్కన గంట. మీ అన్నయ్య ఈ పంటని నాలుగు నెలల్నుంచీ 'మీ వదిన సరదా' అంటున్నాడు. పోతే మాత్రం 'మన పొలం పోయింది' అంటాడు చూడు."

విషయం సూటిగానే ఉంది. వదిన మొదటిసారి తానే పూనుకుని వేసిన మూడెకరాల పంట అది. ఇవాళ కోస్తే, కాయలు లేతవైతే గోదాము తీసుకోదు. లేత కాయ కోశాక ముదరదు, తియ్యబడదు, నెల తిరిగేసరికి ముడతలు పడి మెత్తబడుతుంది. కోయకపోతే, రేపట్నుంచి నీళ్లలో నానిన కాయ అడుగునుంచి కుళ్లుతుంది. కాయలు ముదిరాయా లేదా అన్నదొక్కటే ప్రశ్న. పొలం గంటన్నర దూరం. జవాబు చెప్పగలిగిన మనిషి కాలు క్రేటు మీద ఉంది.

ఫొటోల పిల్ల లాప్‌టాప్ పట్టుకుని గ్రేడింగు బల్ల దగ్గరకు వెళ్లింది. సొంత మిషను మాట మీద రెండో మనిషి సలహా అడగడం ఆమెకు కాస్త మింగుడుపడని పనే. కానీ అది వదిన పొలం.

"అత్తా, ఇవి ఒకసారి చూస్తారా? ముప్ఫై ఒకటి లేతవని వచ్చింది."

"ఏమొచ్చిందో నాకు చెప్పకు," అంది గోరత్త కళ్లజోడు తుడుచుకుంటూ. "చెబితే నా కళ్లు కూడా అదే చూస్తాయి. బొమ్మలు పెట్టు. పెద్దవి చెయ్యి."

ఫొటోల పిల్ల మొదటి కాయ తొడిమ ఫొటో పెట్టింది. గోరత్త తొడిమ కేసి చూడలేదు. ఫొటో అంచున, మసకగా కనిపిస్తున్న ఆకుల్ని చూసింది.

"అదేంటత్తా, కాయ ఇక్కడుంటే..."

"కాయెక్కడికీ పోదులే. తీగ బతికుందా లేదా ముందు చూడాలి. తొడిమ ఎండిందంటే రెండు కారణాలుంటాయి. కాయ తన పని ముగించుకుని ఎండటం ఒకటి. బూడిద తెగులొచ్చి తీగ చచ్చి, దానితో పాటు ఎండటం ఒకటి. రెండూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. మీ వదినకి ఫోన్ కలుపు."

ఫొటోల పిల్ల కలిపి స్పీకరు పెట్టింది. ఈ సంగతి తన మిషనుకు తెలియదు. తొడిమ ఎండితే అది మార్కులు వేస్తుంది, ఎందుకు ఎండిందని అడగదు. ఆమె నోట్‌బుక్ తీసి ఒక గీత కింద రాసుకుంది.

"అమ్మాయ్, నేను గోరత్తని."

"నమస్కారం అత్తా." వదిన గొంతు వెంటనే తగ్గింది. "మీ కాలెలా ఉంది?"

"ఉన్నచోటే ఉంది. ఆకుల మీద బూడిద పడిందా?"

"పొలం అంచుల్లో కొంచెం పడిందత్తా. మధ్యలో లేదు."

"అయితే మధ్యలోకెళ్లి, కాయ పక్కనున్న ఆకు, తొడిమ, తీగ మూడూ ఒకే ఫొటోలో పడేలా తియ్యి."

ఫొటో వచ్చింది. ఆకు ముసలిదైనా పచ్చగానే ఉంది, తీగలో ఇంకా జీవం ఉంది. ఆ బతికున్న తీగ కొసన తొడిమ మాత్రం సీసా బిరడాలా, లేత గోధుమరంగులో, నిలువు చీలికలతో బెండుబారి ఉంది. పచ్చ చార అక్కడొకటి, ఇక్కడొకటి.

"ఇది తెగులు ఎండు కాదు," అంది గోరత్త. ఆమె మొహంలో మొదటిసారి ఆసక్తి కనపడింది. "ఈ తొడిమ చూస్తే కాయ ముదిరింది. మరి నీ మిషనెందుకు వద్దంటోంది?"

"ఏమొచ్చిందో చెప్పొద్దన్నారుగా."

"ఇప్పుడు చెప్పు. నా చూపు నేను చూసేశాను."

"నేలమచ్చ లేదత్తా. ఈ రకం ముదిరితే నేలకానిన చోట నారింజరంగు రావాలి కదా. లేతగా ఉంటే తెల్లగానో, అసలు మచ్చే తెలియకుండానో ఉంటుంది. వీటి పొట్టలన్నీ పచ్చగానే ఉన్నాయి. చూడండి."

గోరత్త చూసింది. ఒకటి, రెండు, ఐదు. తర్వాత తొక్క ఫొటోలు అడిగింది. నలభై కాయల తొక్కలూ వరసగా తిప్పించింది. ఎక్కడా నెలవంకలా గోరు దిగిన గుర్తు లేదు.

"తొక్క మాత్రం అన్నీ గట్టివేనని వచ్చిందత్తా. నలభైకి నలభై. అదొక్కటీ బావుంది."

"అదే బాలేదు. ఇరవై రెండోది మళ్లీ పెట్టు."

ఇరవై రెండో కాయ కొత్త చెప్పులా నిగనిగలాడుతోంది.

"ఇది తీగ కొసన ఆలస్యంగా పట్టిన కాయ. ఆ మెరుపు చూడు, ఇంకా పిల్లకాయే. ముదిరిన తొక్క మెరవదు, మాసిపోయినట్టుంటుంది. ఇంత లేత కాయ మీద గోరు నొక్కితే దిగకుండా ఎలా ఉంటుంది? వేలు పెద్దది చెయ్యి."

ఫొటోల పిల్ల వేలిని పెద్దది చేసింది. తెరనిండా వదిన బొటనవేలు. కండ దాకా కొరికేసిన గోరు.

గోరత్త ఆ వేలిని ఒకసారి, తన గోరును ఒకసారి చూసుకుంది.

"అమ్మాయ్," అంది గోరత్త ఫోన్‌లోకి, చాలా మర్యాదగా, "నీకు గోళ్లు లేవా?"

వదిన ముందు గొణిగింది. తర్వాత సన్నగా, "కొరుక్కుంటానత్తా. పంట వేసినప్పట్నుంచీ ఎక్కువైంది."

"మరి గోరుతో నొక్కమంటే దేంతో నొక్కావు?"

"వేలితోనే గట్టిగా నొక్కాను. యాప్ ఏమీ అనలేదు మరి."

గట్టు మీద కోతవాళ్లలో ఎవరో పకపకా నవ్వడం వినపడింది. ఫొటోల పిల్ల నవ్వలేదు. యాప్ ఏమీ అనని మాట నిజమే. తొక్క మీద గుర్తు ఉందా లేదా అని చూడటం దానికి నేర్పింది గానీ, నొక్కిన వేలికి గోరుందా లేదా అని చూడటం నేర్పలేదు. ఆ ఆలోచనే రాలేదు. ప్రపంచంలో ప్రతి వేలికీ గోరుంటుందని నమ్మి రాసిన ప్రోగ్రాం అది.

"సరే, తొక్క సాక్ష్యం పోయింది," అంది గోరత్త, పేకముక్క పక్కన పెట్టినట్టు. "తొడిమ ముదిరిందంటోంది, పొట్ట లేతంటోంది. రెండిట్లో ఒకటి అబద్ధమాడుతోంది. పొట్టలు మళ్లీ పెట్టు."

ఈసారి ఆమె ఒక్క ఫొటో దగ్గరే ఆగిపోయింది. తల ఒకవైపు వాల్చి చూసింది. చేత్తో గాల్లో గుండ్రంగా గీసింది. పక్కన క్రేటులో ఉన్న అదే రకం కాయ ఒకటి తీసి, ఒళ్లో పెట్టుకుని, అడుగున అరచేయి ఆనించింది.

"చెయ్యి పెట్టి చూడు."

ఫొటోల పిల్ల పెట్టింది.

"ఎలా ఉంది?"

"కొంచెం చదునుగా ఉందత్తా."

"రెండు నెలలు తన బరువంతా మోపి కూర్చుంటే ఎవరికైనా అంతే. ఇప్పుడు మీ వదిన పొట్టల్ని చూడు."

ఫొటోల పిల్ల చూసింది. తెర మీద ఉన్నవి గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఎక్కడా చదును లేదు. చెప్పాక చూస్తే పక్కింటివాళ్లకు కూడా తెలిసేంత స్పష్టంగా ఉంది. ఆర్నెల్లుగా ఇలాంటి ఫొటోలు వేలల్లో చూసిన తనకు ఒక్కసారీ తెలియలేదు.

"ఇవి పొట్టలు కావా?"

"పొట్టలెక్కడున్నాయో వెతుకుదాం. తొడిమ ఫొటోల్లో భుజాల పక్కన ఏదో నారింజరంగు కనపడింది ఇందాక."

వెతికారు. ఏడో కాయ తొడిమ ఫొటో మూలన, భుజం కిందుగా, అరచేయంత నారింజరంగు మచ్చ. పదకొండోదానికీ ఉంది. పద్నాలుగోదానికి సగం తెగి ఉంది.

"అది ఎండదెబ్బ అత్తా," అంది ఫొటోల పిల్ల, మాట సగంలోనే నీరసపడుతూ. "నేనే అలా గుర్తు పెట్టాను. పక్కనుండే మచ్చలన్నీ ఎండదెబ్బలని, వాటిని లెక్కలోకి తీసుకోవద్దని యాప్‌కి చెప్పాను."

"ఎండదెబ్బ తెల్లగా పాలిపోయి, కాగితంలా పెళుసుగా ఉంటుంది. ఎండ తగిలే పైభాగంలో వస్తుంది. దీని అంచు నున్నగా ఉంది. మచ్చ పడినంత మేరా చదునుగా ఉంది. ఇదిగో, మట్టి రేణువులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఎండకి మట్టెలా అంటుతుందే?" గోరత్త ఫోన్ దగ్గరకు జరిగింది. "అమ్మాయ్, కాయల్ని తిరగేశావా?"

"అవునత్తా," అంది వదిన. ఆ ఒక్క ముక్కలో ఎంత గర్వం ఉందంటే, తప్పు చేశానేమోనన్న అనుమానం కూడా ఆమెకు తట్టినట్టు లేదు. "ఇరవై రోజుల కింద జల్లు పడిందిగా. అడుగు తడిసిన కాయలు కుళ్లుతాయేమోనని వాటిని ఒక్కోటీ ఎత్తి, కింద గడ్డి పరిచి, తడిసిన వైపు ఎండకి ఆరేలా పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మూడెకరాలూ నేనొక్కదాన్నే. నాలుగు రోజులు పట్టింది. తొడిమ మెలితిరగకుండా ఎంత జాగ్రత్తగా చేశానో మీకేం తెలుసు."

గోరత్త కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు తెలియదు," అంది నెమ్మదిగా. "నలభై తొడిమలు చూశాను, ఒక్కటీ విరగలేదు. నీ చెయ్యి మంచిది. ఈ పిల్ల మిషను నీ జాగ్రత్తకే ఫెయిల్ మార్కులు వేసింది."

అలా అంటే కోపం రావాలి. ఫొటోల పిల్లకు ఎందుకో రాలేదు. మిషను చూడమన్న చోట చూసింది, అక్కడ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. కాయ పక్కకు తిరిగిందన్న ఊహ ఎవరికీ రాలేదు, ఈమెకు తప్ప. గంటన్నర దూరంలో ఉన్న పొలాన్ని, కాలు కదపకుండా, ఫొటో మూలల్లోంచి లాగి బయట పెట్టింది. కాలేజీలో నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాళ్లలో ఒక్కరికీ ఇలాంటి చూపు లేదని తనకు ఖాయంగా అనిపించింది.

"అయితే కోసేయమంటారా అత్తా?" అంది వదిన.

"అనను. ఇప్పటిదాకా నేను చూసింది అనుమానమే. తొడిమ ఒక్కటే నమ్మకంగా ఉంది. ఇంకో రెండు సాక్ష్యాలు కావాలి. నీ కోతవాళ్లలో గోళ్లున్న మనిషి ఉందా?"

గట్టు మీద చిన్న పంచాయితీ జరిగింది. కోతమేస్త్రి చెల్లెలికి పెళ్లి కుదిరిందట, నెల నుంచి గోళ్లు పెంచుతోందట. మొదట ఇవ్వనంది. తర్వాత ఒక్క బొటనవేలు మాత్రం ఇస్తానంది.

"విరిగితే నాకు సంబంధం లేదని చెప్పు," అంది గోరత్త. "నిగనిగలాడే కాయ ఒకటి, మాసిన కాయలు ఐదు తీసుకోండి. ఆరింటి మీదా అదే గోరు, అంతే గట్టిగా నొక్కాలి. గొడుగు నీడలో ఫొటో తియ్యండి. ఎండ తగిలితే మాసినది కూడా మెరుస్తుంది. నారింజ మచ్చ పక్కన తెల్ల కాగితం పెట్టండి. కాగితం తెల్లగా కనపడితేనే మచ్చ రంగు నేను నమ్ముతాను."

పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఫొటోల పిల్ల నోట్‌బుక్కులో రాస్తూనే ఉంది. తీగ బతికుందా. వేలికి గోరుందా. కాయ తిరగేశారా. పక్కన తెల్లది ఏదైనా ఉందా. యాప్ రాయడానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు యాప్ రాసిన ఆర్నెల్లకు దొరుకుతున్నాయి.

ఫొటోలు వచ్చాయి. నిగనిగల కాయ మీద గోరు లోతుగా దిగి, నెలవంక వెంట చెమట చుక్కల్లా తడి ఊరింది. దాని తొడిమ పచ్చగా, నీరుపట్టి ఉంది. మాసిన ఐదింటి మీద గోరు జారిపోయి వెంట్రుకంత తెల్ల గీత మాత్రం మిగిలింది. కాగితం తెల్లగానే ఉంది. దాని పక్కన మచ్చ బాగా పండిన నారింజ తొక్కలా ఉంది, ఒకదానికి మాత్రం కాస్త పసుపు.

"ఇప్పుడు ఆ పసుపు మచ్చ కాయని కోసి, నిలువునా చీల్చి చూపించు," అంది గోరత్త.

"అయ్యో, ఒక కాయ పోతుందత్తా."

"అన్నిట్లోకీ అనుమానమున్నది అదే. అది ముదిరితే మిగతావాటి గురించి అడగక్కర్లేదు. ఒకటి పోనీ."

చీల్చిన కాయ తెర మీదకు వచ్చింది. లోపల కండ అంచు దాకా చిక్కటి పసుపు. గింజలు బలిసి, పాలరంగు తొక్కలతో, నొక్కినా చితికేలా లేవు.

గోరత్త వెనక్కి వాలింది. "కొయ్యి," అంది. "తొడిమ బెండుబారి, తొక్క మాసి, ఎక్కడో ఒక పక్క నారింజ మచ్చ ఉన్నవన్నీ కొయ్యి. మచ్చ ఏ పక్కనున్నా ఫర్వాలేదు. తొడిమ రెండంగుళాలు ఉంచాలి. తొడిమ పట్టుకుని ఎత్తితే చేతులు విరుస్తానని మీ మేస్త్రికి చెప్పు. మెరిసేవి వీటిలో కలపకు, అవి ఈ వారం కూరకి. సాయంత్రం లోపు వాన పడకుండా కప్పి తీసుకురా."

అటువైపు వదిన ఫోన్ కట్ చేయడం మర్చిపోయి, "లేవండి, లేవండి," అంటూ గట్టు మీదకు పరిగెత్తిన చప్పుడు మాత్రం వినపడింది.

ఫొటోల పిల్ల లాప్‌టాప్ మూయబోయి ఆగింది.

"అత్తా, ఆ జల్లు మా వదిన పొలం మీదొక్కటే పడలేదు కదా."

"పడలేదు."

"ఈ వారంలో ఇంకో పదకొండు మందికి 'ఆగండి' అని వెళ్లింది. వాళ్లు కూడా తిరగేసి ఉంటే..."

చెప్పడం కష్టంగానే ఉంది. ఆ పదకొండు జవాబులూ తను కట్టిన మిషనువి. గోరత్త ఒక్క క్షణం ఆమె కేసి చూసి, పక్కనున్న స్టూలును మంచి కాలితో ఇవతలకు లాగింది. కూర్చోమంది.

మధ్యాహ్నం భోజనం కూడా బల్ల దగ్గరే అయింది. గోరత్త ఫొటోల మూలలు చూసింది, ఫొటోల పిల్ల ఫోన్లు చేసింది. అడగాల్సింది ఒకటే మాట, కాయల్ని కదిపారా అని. తొమ్మిది మంది కదపలేదన్నారు, వాళ్ల కాయల పొట్టలు చదునుగానే, తెల్లగానే ఉన్నాయి. మిషను వాళ్లకు చెప్పింది సరైనదే. ఇద్దరు తిరగేశారు. అందులో ఒకాయన అప్పటికే కోతవాళ్లను పంపేశాడట, మళ్లీ పిలుచుకుంటానని చెప్పులు వేసుకుంటూనే మాట్లాడాడు.

సాయంత్రం ఐదింటికి వదిన ట్రాక్టరు వచ్చింది. రేడియో చెప్పినదానికంటే ముందే, టార్పాలిను మీద మొదటి చినుకులు టపటపమంటున్నాయి. వదిన జుట్టునిండా గడ్డి, చీర నిండా మట్టి. దిగీ దిగగానే ఆడపడుచును పట్టించుకోకుండా నేరుగా గోరత్త దగ్గరకు వెళ్లి, ఏమనాలో తెలియక, కట్టు మీద అంటిన దుమ్ము దులిపింది.

"ఉండు, ఇంకా తీసుకోలేదు," అంది గోరత్త. "పదిలో ఒకటి తియ్యండి. గోరు దిగితే ఆ గాటుతో కాయ నిలవకు పనికిరాదు, అందుకని అన్నీ గుచ్చను."

ఒక్కోటే బల్ల మీదకు వచ్చింది. తొడిమ మీద చెయ్యి, మచ్చ మీద చూపు, గోరు ఒక్క నొక్కు. పక్కకు. మళ్లీ ఒకటి. వదిన ఊపిరి బిగబట్టి చూస్తోంది. నలభై ఎనిమిది కాయలు కుడివైపుకు, నిలవగది క్రేట్ల వైపుకు వెళ్లాయి. నలభై తొమ్మిదోదాని దగ్గర గోరు ఆగింది. కొద్దిగా దిగింది.

"ఇది లేత," అంది గోరత్త.

"మా మేస్త్రి పొరపాటున కోసి ఉంటాడత్తా," అంది వదిన గబగబా. "మిగతావి..."

"మిగతావి తీసుకుంటున్నాను. అన్నీ. రెండు వారాలు వెచ్చగా ఆరబెట్టి లోపల పెట్టిస్తాను." ఆమె ఆ మాట అంటున్నా చూపు మాత్రం చేతిలోని కాయ మీదే ఉంది. మచ్చ నారింజగానే ఉంది. తొడిమ బెండుబారే ఉంది. "మేస్త్రి తప్పు కాదు. నేనక్కడ ఉన్నా కొయ్యమనేదాన్నే."

వదిన గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందకు జారి కూర్చుంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. బయట వాన అందుకుంది.

గోరత్త ఆ కాయను వెలుతురుకు తిప్పింది. తొడిమ మొదట్లో, మడతలో, గోధుమరంగు బెండు కింద పచ్చగా ఏదో ఉందో లేదో ఆమె కళ్లకు ఆనలేదు.

"అమ్మాయ్," అంది ఫొటోల పిల్లతో, "నీ ఫోన్ తెచ్చి దీన్ని దగ్గరగా తియ్యి. పెద్దది చేసి చూపించు. నేనేం చూడలేదో చూద్దాం."

ఫొటోల పిల్ల గొడుగు కోసం అటూ ఇటూ చూసింది. లోపల ఎండ లేదు కదా అని గుర్తొచ్చి, జేబులోంచి తెల్ల కాగితం తీసి కాయ పక్కన పెట్టింది.